చెడు సమస్యపై విలియం రో వాదన: క్లాసు కోసం సారాంశం రాయడం ఎలా

ఫిలాసఫీ ఆఫ్ రిలిజియన్ క్లాసులో, మంచి దేవుడు ఉంటే లోకంలో చెడు ఎందుకుంది అనే చెడు సమస్య దగ్గరికి వచ్చేసరికి తరచుగా చదవమనే వ్యాసాల్లో ఒకటి అమెరికన్ తత్వవేత్త విలియం రో రాసినది. 1979లో అమెరికన్ ఫిలసాఫికల్ క్వార్టర్లీ అనే పత్రికలో వచ్చింది. ఏడు పేజీలే. భాష కూడా సాఫీగా ఉంటుంది. అయినా దీని సారాంశాలు ఎక్కువగా ఒకే చోట దెబ్బతింటాయి. రో చెప్పిన విషయాలన్నీ వస్తాయి కానీ, ఆయన ఏ మాటను ఎంత గట్టిగా చెప్పారన్నది మారిపోతుంది. "ఇలా నమ్మడానికి సబబైన కారణం ఉంది" అని ఆయన అంటే సారాంశంలో "ఇది నిరూపించారు" అని పడుతుంది. "మనకు కనబడటం లేదు" అన్నది "లేదు" అయిపోతుంది.

మిగతా చాలా విషయాల్లో ఇంత చిన్న తేడాను చూసీచూడనట్టు వదిలేయొచ్చు. ఇక్కడ కుదరదు, ఎందుకంటే రో తర్వాత నలభై ఏళ్లకు పైగా నడిచిన చర్చ ఆ తేడా మీదే నడిచింది. అందుకే ఈ వ్యాసాన్నే ముందు పెట్టుకుని, చదవడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి చివరి వాక్యం సరిచూసుకునే వరకు ఏం చేయాలో చెబుతాను.

మొదటి చదువు: ముగింపు ఏమిటో పట్టుకోండి

మొదటిసారి చదివేటప్పుడు ఏమీ గీయకండి, రాయకండి. ఒక్కటే వెతకండి: ఈయన చివరికి నన్ను దేనికి ఒప్పించాలనుకుంటున్నారు?

చెడు సమస్య మీద వచ్చే వాదనలు స్థూలంగా రెండు రకాలు. మొదటిది, దేవుడూ చెడూ కలిసి ఉండటం అసలు సాధ్యమే కాదనేది. 1955లో మైండ్ పత్రికలో జె.ఎల్. మాకీ ఇలా వాదించారు. దేవుడు సర్వశక్తిమంతుడు, దేవుడు పూర్తిగా మంచివాడు, లోకంలో చెడు ఉంది అనే మూడింటినీ ఒకేసారి నమ్మితే పరస్పర విరుద్ధమైన మాటలు నమ్మినట్టే అని ఆయన పట్టు. రెండో రకం ఇంత దూరం పోదు. రెండూ కలిసి ఉండటం అసాధ్యం కాకపోవచ్చు, కానీ మన చుట్టూ కనబడే బాధను బట్టి చూస్తే అలాంటి దేవుడు లేడని నమ్మడానికి మంచి ఆధారం ఉంది అంటుంది. రో వాదన ఈ రెండో రకం. ఆ మాట ఆయన దాచలేదు. మొదటి ఫుట్‌నోట్‌లోనే, వైరుధ్యం ఉందని చూపడంలో ఇంతవరకు ఎవరూ విజయం సాధించలేదని రాశారు. ఫుట్‌నోట్లు దాటేసి చదివే అలవాటు ఉంటే, ఈ వ్యాసం వరకైనా మానుకోండి.

ఇంకో సంగతి కూడా మొదటి చదువులోనే తేలాలి. ఇందులో రెండు ముగింపులు ఉన్నాయి. మధ్యలో ఒక చిన్న వాదన ఉంది, దాని ముగింపు "అలాంటి దేవుడు లేడు" అని. మొత్తం వ్యాసం ముగింపు వేరు: ఆ చిన్న వాదన నాస్తికుడికి తన నమ్మకాన్ని సమర్థించుకునే సబబైన కారణం ఇస్తుంది, అయినా కొందరు ఆస్తికుల నమ్మకం కూడా సబబైనదేనని నాస్తికుడు ఒప్పుకోవచ్చు. వ్యాసం పేరులో నాస్తికత్వంలోని కొన్ని రకాలు అన్న మాట ఉన్నది ఈ రెండో సగం కోసమే. రెండు ముగింపులనూ కాగితం పైన విడివిడిగా రాసుకోండి. ఇవి కలిసిపోతే సారాంశం మొదటి వాక్యంలోనే తప్పు దారి పడుతుంది.

రో ఏ దేవుడి గురించి మాట్లాడుతున్నారో కూడా పక్కన ఒక ముక్క రాసుకోవాలి. సర్వశక్తిమంతుడు, సర్వజ్ఞుడు, పూర్తిగా మంచివాడు, లోకాన్ని సృష్టించినవాడు. ఆస్తికత్వం, నాస్తికత్వం అనే మాటలను ఈ ఇరుకైన అర్థంలోనే వాడతానని ఆయన ముందే చెప్పేశారు. ఈ షరతు వదిలేస్తే, ఆయన అనని మాట ఆయన నోట పెట్టినట్టవుతుంది.

రెండో చదువు: ప్రతి పేరా పక్కన ఒక క్రియ

ఇప్పుడు పెన్సిల్ తీయండి. పేరా దేని గురించి అన్నది రాయకండి, పేరా ఏం పని చేస్తోందో రాయండి. రో ఒకచోట మంటల్లో కాలిన జింకపిల్ల ఉదాహరణ ఇస్తారు. దాని పక్కన "జింకపిల్ల గురించి" అన్న నోటు తర్వాత అక్కరకు రాదు. "మొదటి ఆధార వాక్యానికి ఉదాహరణ ఇస్తున్నారు" అన్నది వస్తుంది. "నిరూపించలేమని ఒప్పుకుంటున్నారు", "అయినా నమ్మడం సబబే అంటున్నారు", "ఆస్తికుడి తరఫున జవాబు చెబుతున్నారు", "ఆ జవాబును తోసిపుచ్చుతున్నారు" లాంటి నోట్లు కావాలి.

తత్వశాస్త్ర వ్యాసంలో ఒకే పేజీలో రెండు గొంతులు వినబడతాయి. ప్రత్యర్థి ఏమనొచ్చో రచయితే చెబుతారు, ఎంతో సానుభూతితో చెబుతారు, రెండు పేరాల తర్వాత కాదంటారు. పక్కన క్రియ రాసుకోకపోతే ఆ ప్రత్యర్థి మాట రచయిత మాటగా సారాంశంలోకి వచ్చేస్తుంది. రో వ్యాసంలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ, ఎందుకంటే ఆయన ఆస్తికుడికి చాలా బలమైన జవాబును తానే అందిస్తారు.

ఈ చదువు పూర్తయ్యేసరికి వ్యాసం మూడు ముక్కలుగా కనబడాలి. మొదటి ముక్కలో వాదన, దానికి మద్దతు. రెండోదానిలో ఆస్తికుడు ఎలా ఎదుర్కోవచ్చు. మూడోదానిలో నాస్తికుడు ఆస్తికుణ్ని ఎలా చూడాలి.

వాదనను మూడు వాక్యాల్లో పెట్టండి

రో తన వాదనను రెండు ఆధార వాక్యాలు, ఒక ముగింపుగా ఇచ్చారు. వాటిని ఉన్నదున్నట్టు ఎత్తి రాయకుండా మీ మాటల్లో పెట్టాలి. ఇలా పెట్టొచ్చు:

1. లోకంలో కొన్ని తీవ్రమైన బాధలు ఉన్నాయి, వాటిని సర్వశక్తిమంతుడు, సర్వజ్ఞుడు అయినవాడు ఆపగలిగేవాడు. ఆపినా అంతకు మించిన మేలు ఏదీ చేజారేది కాదు, అంతే చెడ్డదో ఇంకా ఘోరమైనదో మరొకటి జరగనివ్వాల్సి వచ్చేదీ కాదు.

2. సర్వజ్ఞుడు, పూర్తిగా మంచివాడు అయినవాడు తాను ఆపగల ప్రతి తీవ్రమైన బాధనూ ఆపుతాడు. ఆపితే అంతకు మించిన మేలు చేజారుతుందనుకుంటేనో, అంతే చెడ్డదో ఇంకా ఘోరమైనదో జరగనివ్వాల్సి వస్తుందనుకుంటేనో తప్ప.

3. కాబట్టి సర్వశక్తిమంతుడు, సర్వజ్ఞుడు, పూర్తిగా మంచివాడు అయిన దేవుడు లేడు.

ఇందులో ఏ మాట తీసేయొచ్చు, ఏది తీయకూడదు అని తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఒక్కో పదబంధాన్ని తీసి చూడండి. మిగిలిన వాక్యాన్ని ఎవరైనా ఒక్క ఉదాహరణతో కొట్టేయగలిగితే, ఆ పదబంధం ఉండి తీరాలి.

రెండో వాక్యంలోంచి "తప్ప" అనే షరతు మొత్తం తీసేద్దాం. "మంచి దేవుడు ప్రతి తీవ్రమైన బాధనూ ఆపుతాడు" అని మిగులుతుంది. దీన్ని కూల్చడానికి ఒక ఆపరేషన్ చాలు. ప్రాణం నిలబెట్టడానికి వేరే దారి లేనప్పుడు మంచి డాక్టరు కూడా నొప్పి కలిగే చికిత్స చేస్తారు, అంతమాత్రాన ఆవిడ మంచితనం తగ్గదు. అంటే షరతు లేని వాక్యం తప్పు, అది రో వాక్యం కాదు. "అంతే చెడ్డదో ఇంకా ఘోరమైనదో" అన్న భాగం తీస్తే? అప్పుడు ఏ మేలూ సాధించకుండా, కేవలం ఇంకా పెద్ద కీడును తప్పించడానికి ఒప్పుకున్న బాధ షరతులోంచి జారిపోతుంది. అదీ ఉండాలి. "తీవ్రమైన" తీస్తే, కాలికి రాయి తగిలినా దేవుడు అడ్డుపడాలని రో అంటున్నట్టు అవుతుంది. ఆయన అంత మాట అనలేదు.

ఈ పరీక్ష చేస్తున్నప్పుడే ఇంకో చిన్న విషయం కంటబడుతుంది. మొదటి వాక్యంలో శక్తి, జ్ఞానం ఉన్నాయి, మంచితనం లేదు. రెండో వాక్యంలో జ్ఞానం, మంచితనం ఉన్నాయి, సర్వశక్తి లేదు. ఇది రో మరచిపోయిన విషయం కాదు. మొదటి వాక్యం ఏది ఆపడం సాధ్యమో చెబుతోంది, దానికి శక్తి, జ్ఞానం చాలు. రెండోది సాధ్యమైనదాన్ని ఆపాలని ఎవరు అనుకుంటారో చెబుతోంది, దానికి జ్ఞానం, మంచితనం కావాలి. శక్తి బదులు అక్కడ "తాను ఆపగల" అన్న మాట ఉంది. చాలామంది విద్యార్థులు అందంగా ఉంటుందని మూడు గుణాలనూ రెండు చోట్లా పెట్టేస్తారు. వాదన చెడదు గానీ, ఏ గుణం ఎక్కడ పని చేస్తోందన్నది చెరిగిపోతుంది.

మూడు వాక్యాలూ సరిగ్గా పడ్డాక, మొదటి రెండూ నిజమైతే మూడోది నిజం కాకుండా ఉండగలదా అని చూడండి. ఉండలేదు. అంటే వాదన ఆకారంలో లోపం లేదు, గొడవంతా ఆధార వాక్యాలు నిజమా కాదా అన్న దగ్గరే. రెండోదాని గురించి రో పెద్దగా చర్చించరు. అది ఆస్తికులూ నాస్తికులూ ఇద్దరూ ఒప్పుకునే నైతిక సూత్రాలకు అనుగుణంగానే ఉందంటారు. కాబట్టి మీ సారాంశంలో దానికి ఒక్క వాక్యం చాలు. బరువంతా మొదటిదాని మీద ఉంది, మీ చోటు కూడా అక్కడే ఖర్చు పెట్టాలి.

జింకపిల్ల: ఉదాహరణను ఎంతవరకు తీసుకోవాలి

మొదటి ఆధార వాక్యానికి రో ఇచ్చిన ఉదాహరణ ఇది. ఎక్కడో దూరాన ఒక అడవిలో ఎండిన చెట్టు మీద పిడుగు పడి కార్చిచ్చు రేగుతుంది. ఒక జింకపిల్ల అందులో చిక్కుకుని ఘోరంగా కాలిపోతుంది. చావు వచ్చి విడుదల చేసేదాకా కొన్ని రోజుల పాటు నరకయాతన పడుతుంది.

ఇది చదివాక మనసు కలుక్కుమంటుంది. సారాంశంలో సగం పేరా దీనికే పోవడానికి కారణం అదే. కానీ ఇక్కడ వర్ణన అక్కర్లేదు, ప్రతి వివరం చేస్తున్న పని కావాలి. పిడుగు అనడంతో మనుషుల స్వేచ్ఛ పక్కకు పోయింది, ఎవరో తప్పు నిర్ణయం తీసుకున్నందువల్ల జరిగిందనడానికి లేదు. దూరపు అడవి అనడంతో చూసి నేర్చుకునేవాళ్లు, జాలిపడి ఎదిగేవాళ్లు లేకుండా పోయారు. జింకపిల్ల అనడంతో శిక్ష అనో, వ్యక్తిత్వం రాటుదేలడానికి అనో చెప్పే వీలు పోయింది. కొన్ని రోజుల పాటు అనడంతో, మంట ప్రమాదమని జంతువులకు తెలియడానికి నొప్పి కావాలి కదా అన్న సమాధానం కూడా బలహీనపడింది, ఎందుకంటే తప్పించుకునే అవకాశం ముగిసిపోయాక కూడా నొప్పి ఆగలేదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ వివరణంతా ఉదాహరణను నేను చదివిన తీరు. రో ఇలా ఒక్కో వివరాన్నీ విప్పి చెప్పలేదు. అందువల్ల ఇది మీ నోట్సులో ఉండాలి, సారాంశంలో "రో ఇలా అన్నారు" అని రాకూడదు. సారాంశంలో ఉదాహరణకు ఒక వాక్యం ఇవ్వండి. ఆ వాక్యంలో పిడుగు, దూరపు అడవి, కొన్ని రోజులు అన్న మూడూ మిగిలితే చాలు.

ఆ తర్వాత వచ్చే మెట్లే వ్యాసానికి గుండెకాయ. వాటిని ఒక్కొక్కటిగా విడదీసి చూద్దాం.

ఆ జింకపిల్ల బాధ వల్ల ఏ మేలూ లేనట్టే మనకు కనబడుతోంది. ఇది మొదటి మెట్టు. "కనబడుతోంది" అన్న మాటను అలాగే ఉంచండి.

అంతమాత్రాన మేలు లేదని నిరూపించినట్టు కాదు. మనకు తెలియని తీరులో ఏదో మేలుతో అది ముడిపడి ఉండొచ్చు. ఈ మాట రో స్వయంగా ఒప్పుకున్నారు. ఒక విషయం నిజమని నిరూపించడం వేరు, అది నిజమని నమ్మడానికి సబబైన కారణం ఉండటం వేరు అని ఆయన తేడా చూపిస్తారు.

ఆ తర్వాత ఒక్క జింకపిల్ల దగ్గర్నుంచి బయటికి వస్తారు. పోనీ, ఈ ఒక్కదాని వెనక ఏదో కారణం ఉందనుకుందాం. మనుషులకూ జంతువులకూ రోజూ కలుగుతున్న, ఇలాగే అర్థం లేనట్టు కనబడే బాధలు లెక్కలేనన్ని ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కదాన్నీ సర్వశక్తిమంతుడు కూడా ఒక మేలు పోగొట్టుకోకుండా ఆపలేకపోయాడంటే నమ్మశక్యంగా ఉందా? లేదంటారు రో. కాబట్టి మొదటి ఆధార వాక్యాన్ని నమ్మడం సబబే.

ఈ మూడో మెట్టు సారాంశాల్లో తరచూ మాయమవుతుంది. అప్పుడు ఒకే ఒక్క జంతువు కథ మీద దేవుడు లేడని తేల్చేసిన మనిషిలా రో కనబడతారు. మెట్లు మూడూ ఉంటే వాదన ఎంత ఆచితూచి నడిచిందో తెలుస్తుంది.

ఎవరి గొంతు? ఆస్తికుడి జవాబులు

రెండో ముక్కలో మొదటి ఆధార వాక్యాన్ని ఆస్తికుడు ఎదుర్కొనే దారులను రో పరిశీలిస్తారు. సారాంశంలో రెండింటికి చోటివ్వాలి.

ఒకటి, నేరుగా ఎదుర్కోవడం: ఫలానా బాధ వెనక ఫలానా మేలు ఉంది అని చూపించడం. వ్యక్తిత్వం ఎదగడానికి బాధ కావాలి అనొచ్చు. కానీ ఎదుగుదలకు కావలసిన దానికన్నా ఎంతో ఎక్కువ బాధ లోకంలో ఉందంటారు రో. మనుషుల స్వేచ్ఛ వల్ల వచ్చింది అనొచ్చు. స్వేచ్ఛతో సంబంధం లేని బాధ బోలెడంత ఉంది. పైగా దేవుడి ఉద్దేశాలు ఈ జన్మలో మనకు తెలియవని ఆస్తిక సంప్రదాయాలే సాధారణంగా చెబుతాయి కాబట్టి, ఒక్కో బాధకూ కారణం చూపిస్తాననడం ఆ సంప్రదాయాలకే పొసగదు. ఈ దారి ఫలించదన్నది రో తీర్పు.

రెండోది, పరోక్షంగా ఎదుర్కోవడం. దీనికి రో బ్రిటిష్ తత్వవేత్త జి.ఇ. మూర్ పేరు పెట్టారు. భౌతిక వస్తువులు ఉన్నాయని మనకు తెలియదని డేవిడ్ హ్యూమ్ లాంటి సంశయవాదులు వాదిస్తే, మూర్ వాళ్ల ఆధార వాక్యాలతో తలపడకుండా వాదనను తలకిందులు చేశారు: ఈ పెన్సిల్ ఉందని నాకు తెలుసు, కాబట్టి మీ సూత్రాల్లోనే ఎక్కడో తప్పుంది. ఆస్తికుడూ అదే చేయొచ్చు. ముగింపును కాదని మొదలుపెట్టి, రెండో వాక్యాన్ని అలాగే ఉంచి, మొదటి వాక్యం తప్పని తేల్చొచ్చు. దేవుడు ఉన్నాడు, అలాంటి దేవుడు నిరర్థకమైన బాధను ఉండనివ్వడు, కాబట్టి ఏ బాధా నిజానికి నిరర్థకం కాదు, దాని కారణం మనకు తెలియకపోయినా సరే.

గమనించండి, రెండో ఆధార వాక్యం రెండు వాదనల్లోనూ ఉంది. రెండు పక్షాలూ ఒకే వాక్యం మీద నిలబడి ఎదురెదురు దిక్కులకు నడుస్తున్నాయి. మీ సారాంశంలో ఈ విషయం ఒక్క వాక్యంలో స్పష్టంగా పడితే, వ్యాసం మీకు అర్థమైందని చదివేవాళ్లకు తెలిసిపోతుంది.

ఆస్తికుడికి ఇదే మంచి దారి అని రో అంటారు. ఇక్కడే గొంతు తప్పుతుంది. "ఇదే మంచి దారి" అన్నది చదివి, రో ఓడిపోయారనో మనసు మార్చుకున్నారనో రాసేవాళ్లున్నారు. ఆయన అనేది ఆస్తికుడికి అందుబాటులో ఉన్న జవాబుల్లో ఇది మెరుగైనదని. దేవుడు ఉన్నాడని నమ్మడానికి ఆస్తికుడికి విడిగా సబబైన కారణాలు ఉంటే, దీన్ని వాడుకునే హక్కు అతనికి ఉంటుందని. తాను మాత్రం మొదటి ఆధార వాక్యంతోనే ఉండిపోయారు. కాబట్టి ఈ భాగంలో ప్రతి వాక్యానికీ కర్త ఉండాలి: "ఆస్తికుడు అనొచ్చు", "రో అంటారు", "రో ఒప్పుకుంటారు". కర్త లేకుండా "బాధ వెనక కారణం ఉంటుంది" అని రాస్తే అది ఎవరి మాటో చదివేవాళ్లకు తెలిసే దారి లేదు.

మూడో ముక్కను చోటు చాలక వదిలేయకండి

పదాల పరిమితి దగ్గరపడేసరికి టెన్షన్‌లో కోతకు బలయ్యేది ఈ భాగమే. ఆస్తికుల నమ్మకం విషయంలో నాస్తికుడు మూడు రకాలుగా ఉండొచ్చని రో అంటారు. ఎవరికీ ఆ నమ్మకానికి సబబైన కారణం లేదనేవాడు ఒకరు, దాని మీద ఏ అభిప్రాయమూ లేనివాడు మరొకరు, కొందరికి ఉండొచ్చని ఒప్పుకునేవాడు ఇంకొకరు. ఈ చివరివాణ్ని ఆయన స్నేహశీలి నాస్తికుడు అంటారు, తన ఓటు అతనికే.

అవతలి నమ్మకం తప్పంటూనే సబబైనదని ఎలా అంటాం అన్న ప్రశ్నకు రో ఇచ్చే ఉదాహరణ తేలికగా అర్థమవుతుంది. మీరు ఎక్కిన విమానం సముద్రంలో కూలిపోయింది. మీరు చనిపోయారని మీ స్నేహితులు నమ్ముతారు, వాళ్లకు తెలిసినదాన్ని బట్టి అది సబబైన నమ్మకమే. మీరు మాత్రం నీళ్ల మీద తేలుతూ, కాపాడేవాళ్ల కోసం చూస్తూ బతికే ఉన్నారు. వాళ్ల నమ్మకం తప్పు, అయినా వాళ్లను తప్పుపట్టలేం. మీ సారాంశానికి దీని సారం ఒక వాక్యంలో చాలు: సబబైన నమ్మకం తప్పు నమ్మకం కూడా కావొచ్చు.

రాసే పని

క్లాసులో అడిగినది ఒక పేజీ అనుకుందాం. చోటులో సగం మొదటి ముక్కకు, అందులోనూ ఎక్కువ భాగం మొదటి ఆధార వాక్యానికి ఉన్న మద్దతుకు ఇవ్వండి. మిగతా సగంలో పెద్ద వాటా ఆస్తికుడి జవాబులకు, కాస్త తక్కువ మూడో ముక్కకు. రో జీవితం, చెడు సమస్య చరిత్ర, ఎపిక్యూరస్ కాలం నుంచి అంటూ మొదలయ్యే ఉపోద్ఘాతం ఏదీ వద్దు. మూలం పక్కన మూసి పెట్టి, మీ నోట్సు చూసి రాయండి. తర్వాత మూలం తెరిచి సరిచూసుకోండి.

నేను రాస్తే ఇలా వస్తుంది:

> సర్వశక్తిమంతుడు, సర్వజ్ఞుడు, పూర్తిగా మంచివాడు అయిన దేవుడు లేడని నమ్మడానికి లోకంలోని బాధ సబబైన కారణం ఇస్తుందని రో వాదిస్తారు. దేవుడూ చెడూ కలిసి ఉండటం అసాధ్యమని ఆయన అనరు. ఆయన వాదనకు రెండు ఆధారాలు. ఒకటి, అంతకు మించిన మేలు పోగొట్టుకోకుండా, అంతే చెడ్డదాన్నో ఇంకా ఘోరమైనదాన్నో జరగనివ్వకుండా సర్వశక్తిమంతుడు ఆపగలిగిన తీవ్రమైన బాధలు లోకంలో ఉన్నాయి. రెండు, పూర్తిగా మంచివాడు అలాంటి బాధలను ఆపి తీరతాడు. రెండోది ఆస్తికులకూ నాస్తికులకూ ఉమ్మడిగా ఆమోదయోగ్యమని రో భావిస్తారు. మొదటిదానికి ఉదాహరణగా, దూరపు అడవిలో పిడుగుపాటు వల్ల రేగిన మంటల్లో కాలి, కొన్ని రోజులు యాతనపడి చనిపోయిన జింకపిల్లను చూపుతారు. దాని బాధకు ప్రయోజనం ఉన్నట్టు కనబడదు. ఇది నిరూపణ కాదని రో ఒప్పుకుంటారు. అయితే ఇలాంటి అసంఖ్యాకమైన బాధల్లో ఏ ఒక్కటీ ఆపదగినది కాదనడం నమ్మశక్యం కాదని, కాబట్టి మొదటి ఆధారాన్ని నమ్మడం సబబేనని అంటారు.
>
> ఒక్కో బాధ వెనకా ఉన్న మేలును చూపే ప్రయత్నం ఫలించదని రో అభిప్రాయం. ఆస్తికుడికి మెరుగైన దారి వాదనను తిప్పడం: దేవుడు ఉన్నాడు, ఆయన నిరర్థకమైన బాధను ఉండనివ్వడు, కాబట్టి నిరర్థకమైన బాధ లేదు. రెండో ఆధారం ఇరుపక్షాలకూ ఉమ్మడి కాబట్టి, దేన్ని నమ్మడానికి ఎవరికి ఎక్కువ కారణం ఉందన్న దగ్గరే తేడా వస్తుంది. సబబైన నమ్మకం తప్పు కూడా కావొచ్చు. కనుక దేవుడు లేడని నమ్ముతూనే, కొందరు ఆస్తికుల నమ్మకం సబబైనదని నాస్తికుడు ఒప్పుకోవచ్చని రో ముగిస్తారు.

ఇందులో నా అభిప్రాయం ఎక్కడా లేదు. "అద్భుతంగా", "దురదృష్టవశాత్తు", "స్పష్టంగా" లాంటి మాటలు కూడా లేవు. అవి పైకి అలంకారాలుగా కనబడినా లోపల తీర్పులే. క్రియలు మాత్రం ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి: వాదిస్తారు, భావిస్తారు, ఒప్పుకుంటారు, ముగిస్తారు. అన్నిచోట్లా "చెబుతారు" అని రాస్తే, రో దేనికి వాదించారు, దేన్ని ఊరికే ఒప్పుకున్నారు అన్నది పోతుంది.

సరిచూసుకోవడం

ముందు "నిరూపించారు", "రుజువైంది", "ఎప్పటికీ", "ఏ ఒక్కటీ" లాంటి మాటల చుట్టూ సున్నా చుట్టండి. ఒక్కోదానికీ మూలంలో ఆధారం ఉందా చూడండి. రో సారాంశంలో "నిరూపించారు" అన్న మాట, కాదని చెప్పడానికి తప్ప, ఎక్కడా మిగలకూడదు.

తర్వాత, రో ఇతర రచనల్లోని సరుకు ఇందులోకి వచ్చిందా చూడండి. 1979 తర్వాత ఆయన ఇదే వాదనను మళ్లీ మళ్లీ సవరించారు. తర్వాతి చర్చల్లో జింకపిల్లతో పాటు, హింసకు గురై చనిపోయిన ఒక చిన్నపాప ఉదాహరణ కూడా వస్తుంది. వికీపీడియానో పాఠ్యపుస్తకాన్నో చూసి రాసినవాళ్ల సారాంశంలో ఆ పాప కనబడుతుంది. ఈ వ్యాసంలో ఆమె లేదు.

చివరి పరీక్ష నాకు అన్నిటికన్నా నమ్మకమైనది. ఈ వాదనకు వచ్చిన ఒక ప్రసిద్ధమైన అభ్యంతరాన్ని తీసుకుని, అది మీ సారాంశంలో ఏ వాక్యాన్ని తాకుతుందో వేలు పెట్టి చూపించండి. 1984లో స్టీఫెన్ వైక్‌స్ట్రా వేసిన అభ్యంతరం ఇందుకు బాగా పనికొస్తుంది. ఆయన అడిగేది ఇది: దేవుడి ఉద్దేశాలు నిజంగా ఉంటే అవి మన కంటికి ఆనతాయని ఎదురుచూడటానికి కారణం ఏముంది? ఆనవు అనుకుంటే, కనబడకపోవడం అవి లేవనడానికి ఆధారమే కాదు. ఈ దెబ్బ రో రెండో ఆధార వాక్యానికి తగలదు, వాదన ఆకారానికీ తగలదు. "ప్రయోజనం ఉన్నట్టు కనబడదు" అన్న మెట్టు నుంచి "లేదని నమ్మడం సబబే" అన్న మెట్టుకు దాటే చోట తగులుతుంది.

మీ సారాంశంలో ఆ రెండు మెట్లూ రెండు వేర్వేరు వాక్యాల్లో ఉంటే వైక్‌స్ట్రాకు నిలబడే చోటు ఉంటుంది. రెండూ కలిసి "జింకపిల్ల బాధకు ప్రయోజనం లేదు" అని ఒకే వాక్యంలో పడి ఉంటే, ఆయన అభ్యంతరాన్ని ఆనించే చోటే మీకు దొరకదు. అలా జరిగితే సారాంశమంతా తిరగరాయనక్కర్లేదు. ఆ ఒక్క వాక్యాన్ని మళ్లీ రెండుగా విడదీయండి.